నాలుగూ నలభై తొమ్మిదికి వచ్చిన కబురు

కూలీ సుంకమ్మ పిడుగు పడి చనిపోయిన తొమ్మిదో రోజున అనంతపురం ఆఫీసులో సమీక్ష పెట్టారు. రైతులకు, కూలీలకు వాన గురించి, పిడుగుల గురించి ఫోన్‌కు మెసేజ్‌లు పంపే చిన్న సంస్థ అది. పేరు వానకబురు. పనిచేసేది పదకొండు మంది. అంతమందీ ఆ రోజు రానక్కర్లేదు. పెద్ద టేబుల్ చుట్టూ ముగ్గురే కూర్చున్నారు.

సంస్థను నడిపే జయచంద్ర సార్ ఒకరు. మెసేజ్‌లు పంపే కంప్యూటర్ వ్యవస్థ మొత్తం చూసుకునే జ్యోతిలక్ష్మి ఇంకొకరు. మూడో మనిషి ఎస్తేరు. ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి, కూలీల జట్లకు ఈ మెసేజ్‌లు ఎలా చదవాలో, వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పేది ఆమే. పొద్దున మొదటి బస్సుకే వచ్చింది. తెచ్చుకున్న నీళ్ళ సీసా ముందు పెట్టుకుని, మూత కూడా తీయకుండా కూర్చుంది.

గోడమీది తెరలో నాలుగో మనిషి ఉన్నాడు. హైదరాబాదులోని మెసేజింగ్ కంపెనీ తరఫున ఉదయ్ కుమార్. వానకబురు తయారుచేసిన మెసేజ్‌లను తీసుకుని, ఫోన్ కంపెనీలకు అందించేది వాళ్ళే.

జయచంద్ర తెల్లబోర్డు మీద ఒక వాక్యం రాశాడు. "ఎవరివల్ల అని కాదు, ఎట్లా జరిగింది అని."

"ప్రతి సమీక్షా ఇట్లనే మొదలుపెడతాం," అన్నాడు. "ఈరోజు గూడా అంతే. జ్యోతీ, టైములు చదువమ్మా."

జ్యోతిలక్ష్మి తన ముందున్న కాగితం తీసుకుంది. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల, గట్టిగా మాట్లాడటం అలవాటు. ఆ రోజు మాత్రం మెల్లగా చదివింది.

"మధ్యాహ్నం మూడూ నలభై ఒకటికి మూడు మండలాలకు పిడుగు హెచ్చరిక తయారైంది సార్. ముప్పావు గంటలో పిడుగులు పడొచ్చు, చేలల్లో ఉండేవాళ్ళు పక్కా కప్పు కిందికి పోవాలి అని. ఆరువేల రెండువందల పన్నెండు నంబర్లు. రెండు నిమిషాల్లో అన్నీ కంపెనీకి అప్పజెప్పినాం. అన్నిటికీ 'తీసుకున్నాం' అని జవాబు వచ్చింది. మన తెరమీద నూటికి నూరు పచ్చగా చూపించింది."

"ఎవరికైనా చేరిందా?"

"ఒక్కరికీ చేరలేదు. మొదటి ఫోన్‌కు చేరింది నాలుగూ నలభై నాలుగుకు. ఆఖరుది నాలుగూ యాభై ఆరుకు."

"పిడుగు?"

"నాలుగూ పదిహేడు."

కింద రోడ్డుమీద ఏదో ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది.

జయచంద్ర తెరవైపు తిరిగాడు. "ఉదయ్ గారూ, మీ వైపు ఏం జరిగిందో చెప్పండి."

ఉదయ్ కుమార్ చూసి చదవలేదు. చూసి చదవాల్సిన అవసరం లేనంతగా ఈ తొమ్మిది రోజుల్లో అదే చెప్పి ఉంటాడు. "మూడు ముప్పై ఆరుకి మా ప్రధాన కేంద్రంలో నెట్‌వర్క్ పరికరం ఒకటి పాడైంది. రెండు నిమిషాల్లో పని మొత్తం ఆటోమేటిగ్గా రెండో కేంద్రానికి మారింది. మారడం వరకు అనుకున్నట్టే జరిగింది. కానీ రెండో కేంద్రం నుంచి ఫోన్ కంపెనీలకు ఉన్న లైన్లు చాలా తక్కువ. మామూలుగా సెకనుకు మూడు వందల మెసేజ్‌లు పోవాలి. అక్కణ్ణించి ఇరవై పోయాయి. మీ మెసేజ్‌లు వచ్చేటప్పటికే ముందు ఎనభై వేల పైచిలుకు వరుసలో ఉన్నాయి. నాలుగు నలభై నుంచి లైన్లు ఒక్కొక్కటే పెంచగలిగాం."

"మారినాక ఎంత మోస్తాదో ముందే చూసుకోలేదా?"

"జనవరిలో పరీక్ష చేశాం సార్. తెల్లవారుజామున చేశాం. అప్పుడు రద్దీ లేదు. అందుకని బయటపడలేదు."

"ముందున్న ఆ ఎనభై వేలు ఏం మెసేజ్‌లు?" ఎస్తేరు మొదటిసారి నోరు తెరిచింది.

ఉదయ్ కుమార్ తన కంప్యూటర్‌లో చూశాడు. "అన్ని రకాలూ అండీ. బట్టల షాపుల ఆఫర్లు, కొరియర్లు, స్కూళ్ళ నోటీసులు. బ్యాంకుల ఓటీపీలకు మాత్రం వేరే వరుస ఉంది. అది ఆగలేదు."

"పిడుగు మెసేజ్‌ను చీరల ఆఫర్ ఎనక నిలబెట్టినారా?"

"వేరే వరుస కావాలని అడిగిన సంస్థలకే అది ఇస్తామండీ. మీ దరఖాస్తులో అది లేదు."

జయచంద్ర తల దించుకున్నాడు. దరఖాస్తు నింపింది ఆయనే, నాలుగేళ్ళ కిందట. ఆ గడి దగ్గర ఏం ఆలోచించాడో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. నోటు పుస్తకంలో రాసుకున్నాడు: వేరే వరుస అడగలేదు, నేను.

తర్వాత తను ముందే సిద్ధం చేసిన నివేదిక ముసాయిదాను తెరమీద పెట్టాడు. రెండు పేజీలు. కంపెనీలో లోపం, రెండో కేంద్రానికి మార్పు, చాలని లైన్లు, డెబ్భై అయిదు నిమిషాల ఆలస్యం. కారణాల కింద అంతే ఉంది. దాని చివర ఆ వేరే వరుస సంగతి కూడా చేర్చాడు.

"ఇంకేమన్నా విడిచిపెట్టినామా?" అని అడిగాడు.

జ్యోతిలక్ష్మికి ఆ ప్రశ్న వస్తుందని తొమ్మిది రోజులుగా తెలుసు. దానికి జవాబు ఎన్నిసార్లు అనుకుందో. బస్సులో అనుకుంది, అన్నం ముందు కూర్చుని అనుకుంది. ఏమీ లేదు అంటే అయిపోతుంది. నివేదికలో ఉన్నవన్నీ నిజాలే. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు.

"ఒకటుంది సార్," అంది.

"చెప్పు."

"ఫోన్‌కు మెసేజ్ చేరితే కంపెనీ మనకు రసీదు పంపిస్తాది గదా. పది నిమిషాల్లో సగం రసీదులన్నా రాకుంటే మనకు గంట కొట్టేట్టు ఒక అలారం ఉండె. దాన్ని నేను మార్చిలో ఆపేసినాను."

జయచంద్ర పెన్ను కింద పెట్టాడు.

"ఆ నెల పద్నాలుగు సార్లు మోగింది. పద్నాలుగు సార్లూ మెసేజ్‌లు చేరినాయి, రసీదులే ఆలస్యంగా వచ్చినాయి. ఊరికే మోగుతాంది, సరిచేసి మళ్ళా పెడతా అని గ్రూపులో రాసినాను. మీరు సరేనని బొటనవేలి బొమ్మ పెట్టినారు. తర్వాత వేరే పని వచ్చింది. మళ్ళా పెట్టలేదు." ఆమె కాగితం మడతపెడుతూ ఉంది, విప్పుతూ ఉంది. "ఆ రోజు డ్యూటీ గూడా నాదే. తెర పచ్చగా ఉండాది. అది 'కంపెనీ తీసుకుంది' అనే పచ్చ, 'జనానికి చేరింది' అనే పచ్చ కాదు. నాకు ఆ తేడా తెలుసు సార్. దాన్ని కట్టింది నేనే. తెలిసి గూడా చూసి, సరే అనుకున్నా."

"అలారం ఉండింటే?" జయచంద్ర మెల్లగా అడిగాడు. అడగక తప్పదు గనక అడిగాడు.

"మూడూ యాభై మూడుకు మోగుండేది. ఇంకో కంపెనీ ద్వారా రికార్డు చేసిన ఫోన్ కాల్స్ మొదలుపెట్టుండేదాన్ని. మూడు మండలాలకు పదిహేను నిమిషాలు. నాలుగూ ఎనిమిది, తొమ్మిదికల్లా అందరి ఫోన్లూ మోగుండేవి."

నాలుగూ పదిహేడు అని ఎవరూ అనలేదు.

తెరమీద ఉదయ్ కుమార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జయచంద్ర లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. "బొటనవేలు పెట్టింది నేను," అన్నాడు. "ఏం చదివి పెట్టినానో గూడా తెలీదు. అది రాయి. ఇద్దరి పేర్లూ వద్దు, పని రాయి. 'అలారం ఆపడానికి గ్రూపులో ఒక్క బొమ్మతో అనుమతి దొరికింది, మళ్ళీ పెట్టారా లేదా చూసేవాళ్ళు లేరు' అని రాయి."

జ్యోతిలక్ష్మి టైపు చేసింది.

"నాదీ ఒకటి రాసుకోండి," అంది ఎస్తేరు.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"నేను మొన్న ఆ ఊరికి పోయి రామసుబ్బమ్మతో మాట్లాడినాను. సుంకమ్మ జట్టులో మనిషి. ఆ రోజు ఏడుగురూ చెనిక్కాయ చేన్లో కలుపు తీస్తాండారు. నాలుగు దాటకముందే పడమట మబ్బు నల్లగా దిగింది. ఉరుములు గూడా ఇనపడినాయంట. పోదాం పదండి అని రామసుబ్బమ్మ లేసింది. బోరుమోటారు గది రెండొందల గజాల్లో ఉండాది, సిమెంటు కప్పు. సుంకమ్మ కొంగులో నుంచి ఫోన్ తీసి చూసిందంట." ఎస్తేరు నీళ్ళ సీసాను పక్కకు జరిపింది. "చూసి, 'మెసేజ్ రాలేదు కదక్కా. వస్తే పోదాం, ఈ సాలు అయిపోనీ' అన్నెంట. మిగతా ఆరుగురూ గదికి పోయిరి, ఆమె ఒక్కతే చేన్లో ఉండిపాయె."

జ్యోతిలక్ష్మి టైపు చేయడం ఆపింది.

"ఆ మాట ఆమెకు నేర్పించింది ఎవరు సార్? నేనే. రెండేండ్లు ప్రతి మీటింగులో అదే చెప్పినా. మెసేజ్ వస్తే లేసి పోండి, మెసేజ్ వస్తే లేసి పోండి అని. రాకుంటే ఏం చేయల్లో ఒక్కరోజన్నా చెప్పినానా? మనం లేనప్పుడు వాళ్ళు మబ్బు జూసి పోతాండ్రి. మనమొచ్చి ఫోన్ జూసేది నేర్పిస్తిమి."

ఆమె ఏడవలేదు. ఆ మాటలన్నీ దారిలోనే ఏడ్చేసి వచ్చినట్టుంది.

"ఇంకోటి. ఆ పొద్దు మీకు తెలియకపోయినా, ఎవరన్నా నాకొక ఫోన్ కొట్టి 'ఆడ ఎట్లుండాది అక్కా, మెసేజ్ వచ్చిందా' అని అడిగింటే చెప్పుండేదాన్ని. నా ఫోన్‌కు గూడా రాలేదు. నేను గూడా రాలేదు గదా అనుకుని ఉరవకొండ బస్టాండులో టీ తాగుతాండా."

జ్యోతిలక్ష్మి తలెత్తి ఆమెను చూసింది. తొమ్మిది రోజులుగా ఈ బరువు తన ఒక్కదానిదే అనుకుంది. కానీ ఎస్తేరు ముఖం చూశాక బరువేమీ తగ్గలేదు. పంచుకుంటే తగ్గే బరువు కాదది.

సమీక్ష మధ్యాహ్నం దాకా సాగింది. రసీదులు రాకపోతే మనిషి కోసం ఆగకుండా అయిదు నిమిషాల్లో ఫోన్ కాల్స్ వాటంతటవే మొదలవ్వాలని రాశారు. గడువు దాటిన హెచ్చరిక ఫోన్‌కు చేరకుండా, వరుసలోనే రద్దయ్యేట్టు ప్రతి మెసేజ్‌కూ అరగంట గడువు పెట్టాలని రాశారు. ఏ అలారమైనా ఆపితే, వారం తర్వాత దానంతటదే తిరిగి మొదలవ్వాలి. ప్రతి మండలంలో ఒక మనిషి ఫోన్‌కు మెసేజ్ వచ్చిందో లేదో డ్యూటీలో ఉన్నవాళ్ళు అడిగి తెలుసుకోవాలి. రెండో కేంద్రంలో లైన్లు పెంచుతామని, వానకబురును వేరే వరుసలోకి మారుస్తామని ఉదయ్ కుమార్ మాట ఇచ్చాడు. మీటింగ్ ముగిసినా అతను వెంటనే తెర ఆపలేదు. "ఆమెకి పిల్లలున్నారా అండీ?" అని అడిగాడు. ఒక కూతురు, అంజలి, ఇంటర్ చదువుతోందని ఎస్తేరు చెప్పింది. అతను తల ఊపి, తెర ఆపేశాడు.

ఎస్తేరు పట్టుబట్టి రాయించిన మాట ఒకటి మిగిలింది. ఇక మీద ప్రతి హెచ్చరిక చివరా, ప్రతి మీటింగులోనూ అదే చెప్పాలి. 'మెసేజ్ రాకున్నా ఉరుము వినబడితే లేచి పోండి.'

"నివేదిక ఎవరెవరికి పంపల్ల?" అని జ్యోతిలక్ష్మి అడిగింది.

జయచంద్ర పేర్లు చెప్పుకుంటూ పోయాడు. మనకు నిధులిచ్చేవాళ్ళు, కలెక్టరేటులో విపత్తుల విభాగం, మెసేజింగ్ కంపెనీ.

"వాళ్ళింటికి?" అంది ఎస్తేరు.

మరుసటి రోజు జ్యోతిలక్ష్మి, ఎస్తేరు ఉరవకొండలో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కారు. తనూ వస్తానని జయచంద్ర అంటే, ఎస్తేరే వద్దంది. సారు వస్తే కుర్చీలు వెతుకుతారు, చెప్పాల్సింది చెప్పలేం అంది. దారి పొడుగునా వేరుశనగ చేలు ఆ పిడుగుల వాన తర్వాత మళ్ళీ చినుకు లేక ఆకులు ముడుచుకుని ఉన్నాయి.

సుంకమ్మ భర్త హనుమంతప్ప ఇంటి ముందు రాతి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. గడ్డం పెరిగింది. ఎస్తేరును గుర్తుపట్టి చాప తెప్పించాడు. చాప తెచ్చిన అంజలి గడప దగ్గరే నిలబడిపోయింది. పక్కింటి రామసుబ్బమ్మ కూడా వచ్చి గోడకానుకుని కూర్చుంది.

"ఈ పాప జ్యోతిలక్ష్మి. మెసేజ్‌లు పంపించే ఆఫీసు," అంది ఎస్తేరు.

"ఆ," అన్నాడు హనుమంతప్ప. "వచ్చింది మీ మెసేజ్. ఆమెను బండిలో ఏసుకుని పోతాంటే ఆమె ఫోన్ టింగుమనె. పిడుగులు పడతాయి జాగర్త అని. అంజలి సదివింది, టైము నాలుగూ నలభై తొమ్మిది."

జ్యోతిలక్ష్మి దారిలో వరసగా పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మెసేజ్ మూడూ నలభై ఒకటికే బయలుదేరిందని, మధ్యలో ఒక కంపెనీ దగ్గర గంటకు పైగా ఆగిపోయిందని, ఆగిందని తెలిపే గంట ఒకటి ఉండేదని, దాన్ని తనే ఆపేసిందని. తప్పయిందని చెప్పింది. ఆ గంట మోగి ఉంటే సుంకమ్మ కచ్చితంగా బతికేదని చెప్పలేనని, కానీ ఫోన్ మాత్రం ముందే మోగి ఉండేదని చెప్పింది.

హనుమంతప్ప అరుగు అంచును అరచేత్తో రుద్దుతూ ఉన్నాడు.

"అంటే," అన్నాడు చివరికి, "ఆమె మెసేజ్ రాలేదనే ఆడ ఉండిపోయిందా?"

ఎస్తేరు రామసుబ్బమ్మ వైపు చూసింది. రామసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవునప్పా. ఫోన్ తీసి చూసింది. రాలేదు కదక్కా అనింది. నీకు చెప్పల్లంటే నోరు రాలేదు నాకు. ఫోన్ ఎందుకు నమ్మినారంటావని."

"నేనేమనుకున్నానో తెలుసునా మీకు?" హనుమంతప్ప గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "ఆ సాలు అయిపోతే ఇంగో మడి గూడా దొరుకుతాదని, కూలికి ఆశపడి ఉండిపోయిందనుకున్నా. ఊర్లో అందరూ అదే అనిరి. అంత మబ్బు కండ్లకు కనపడతాంటే ఎవరన్నా ఉంటారా అని. సచ్చిన మనిషిని పది దినాలు తిట్టుకుంటాండా నేను. కొరివి పెట్టేటప్పుడు గూడా మనసులో తిట్టినా. నీ ఆశ పాడుగాను, బిడ్డను ఇడిసిపెట్టి పోతివే అని."

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అంత పెద్ద మనిషి భుజాలు కదిలిపోతుంటే చూడలేక జ్యోతిలక్ష్మి నేలవైపు చూసింది. తనను తిడతాడని వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

"నాయనా," అంటూ అంజలి గడప దగ్గర నుంచి వచ్చి అతని పక్కన కూర్చుంది. అతను కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అమ్మ తప్పేం లేదంట అంజలీ," అన్నాడు. "ఆశపడలేదంట. చెప్పినట్టే ఇనిందంట."

అంజలికి అంతవరకూ ఏడుపు రాలేదట. తర్వాత రామసుబ్బమ్మ చెప్పింది. పది రోజులూ రాయిలాగే తిరిగిన పిల్ల, ఆ మాట విని తండ్రి భుజానికి తల ఆనించి పెద్దగా ఏడ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఏం జరిగిందని ఒకామె అడిగితే రామసుబ్బమ్మ అక్కడే, అందరికీ వినబడేట్టు చెప్పింది. సుంకమ్మ కూలికోసం ఉండిపోలేదని, మెసేజ్ రాకే ఉండిపోయిందని.

కాసేపటికి హనుమంతప్ప తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జ్యోతిలక్ష్మిని అప్పుడే మొదటిసారి సరిగ్గా చూసినట్టు చూశాడు.

"నిన్ను నేను క్షమించినానని చెప్పలేనమ్మా," అన్నాడు. "అబద్ధమైతాది. కానీ నువ్వు రాకుండా ఉండింటే నేను సచ్చేదాకా ఆమెనే తిట్టుకుంటాండేవాణ్ణి. ఆ ఒక్కటీ తీసేసినావు."

జ్యోతిలక్ష్మి రెండు చేతులూ జోడించింది.

వాళ్ళు లేచేటప్పటికి ఎండ వాలుతోంది. ఆటో వచ్చేదాకా మెయిన్ రోడ్డు మీద నిలబడ్డారు. ఎస్తేరు చేలవైపు చూస్తూ, రేపటి నుంచి కణేకల్ వైపు పల్లెలు మొదలుపెడతానంది. ఒక్కో జట్టునూ మళ్ళీ కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పాలంది.

"నేనూ వస్తా అక్కా," అంది జ్యోతిలక్ష్మి.

"ఎండకు తట్టుకోలేవు పాపా."

"వస్తా."

ఆటో ఆగింది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు కొడవళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. జరిగి చోటిచ్చారు.